ముందు ఎముక, తర్వాతే సూది

నిన్న స్కిల్ ల్యాబ్‌లో నువ్వు బొమ్మకి ఇంజెక్షన్ చేస్తుంటే వెనక నిలబడి చూశాను. చెయ్యి వణకలేదు, సూది నిటారుగానే దిగింది. కానీ చోటు మాత్రం కంటి అంచనాతో పెట్టేశావు. అడిగితే "పై బయటి భాగమే కదా మేడమ్" అన్నావు. బొమ్మకి నరం లేదు కాబట్టి గొడవ లేదు. రేపు ఉదయం సర్జికల్ వార్డులో నువ్వు చేయబోయేది నిన్న హెర్నియా ఆపరేషన్ అయిన యాభై ఏళ్ల మనిషికి. నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ 75 మి.గ్రా., అంటే 3 మి.లీ., కండలోకి. నేను పక్కనే ఉంటాను, అయినా సూది నీ చేతిలోదే. రాత్రి ఇది చదివి, నీ ఒంటి మీదే వేళ్లతో వెతుక్కుని రా.

చర్మం కింద కొవ్వు, కొవ్వు కింద కండ. కండలో రక్తనాళాలు ఎక్కువ, అందుకే మందు త్వరగా ఒంటికి పడుతుంది, కాస్త ఎక్కువ మందు కూడా పడుతుంది. సూది పొట్టిదై కొవ్వులోనే ఆగిపోతే మందు అక్కడే కూర్చుంటుంది. పని ఆలస్యం అవుతుంది, గడ్డ కడుతుంది, ఒక్కోసారి ఆ గడ్డే చీము పడుతుంది. కాబట్టి చోటు ఎంత ముఖ్యమో సూది పొడవూ అంతే. పెద్దవాళ్లకి తొడకైనా పిరుదుకైనా 21 నుంచి 23 గేజ్, 25 నుంచి 38 మి.మీ. పొడవు. 21 ఆకుపచ్చ, 22 నలుపు, 23 నీలం అని హబ్ రంగు చూసి గుర్తుపట్టడం అలవాటు చేసుకో, కవరు మీద రాసింది కూడా చదువు. పిరుదు మీద కొవ్వు మందంగా ఉన్నవాళ్లకి 38 కూడా చాలకపోవచ్చు. బక్కపలచటి మనిషికి అదే సూది ఎముకకి తగలొచ్చు. మనిషిని చూశాకే సూది తియ్యి.

తొడ సంగతి ముందు చెప్తా, అది తేలిక. కుర్చీలో కూర్చో. తుంటి పక్కన, ప్యాంటు జేబు ఉండే చోటుకి కాస్త కింద, గట్టిగా తగిలే ఎముక ఉంటుంది. కాలు లోపలికీ బయటికీ తిప్పితే వేళ్ల కింద కదులుతుంది. అదే గ్రేటర్ ట్రోకాంటర్. దాని కింద ఒక అరచెయ్యి వెడల్పు వదిలెయ్యి, మోకాలి పైన ఇంకో అరచెయ్యి వదిలెయ్యి. మిగిలింది మధ్య భాగం. ఇప్పుడు తొడ ముందు వైపు నడిమధ్య ఒక గీత, పక్క వైపు నడిమధ్య ఒక గీత ఊహించుకో. ఆ రెండు గీతల మధ్య ఉన్నదే వాస్టస్ లేటరాలిస్ కండ. దగ్గరలో పెద్ద నరం గానీ పెద్ద రక్తనాళం గానీ లేవు. ఏడాది లోపు పిల్లలకి టీకాలు అక్కడే వేసేది అందుకే. తొడ లోపలి వైపుకి మాత్రం జరగకు, ఫెమరల్ ధమని అటే ఉంది. పసిపిల్లలకి కండని రెండు వేళ్లతో కూడగట్టి పట్టుకుని చెయ్యాలి, 25 మి.మీ. సూది సరిపోతుంది, ఒక చోట 1 మి.లీ. దాటకూడదు. అలర్జీతో మనిషి కుప్పకూలితే ఎడ్రినలిన్ ఇచ్చే చోటు కూడా ఈ తొడే. ఆ సమయంలో వెతుక్కుంటూ కూర్చోలేం, చెయ్యి తనంతట అదే వెళ్లాలి.

ఇక పిరుదు. ఇక్కడే అందరూ తప్పు చేసేది. పిరుదుని నాలుగు భాగాలు చేసి పై బయటి భాగంలో చెయ్యమని పుస్తకంలో ఉంటుంది. అది నిజమే. కానీ కొత్తవాళ్లు పిరుదు అంటే కూర్చున్నప్పుడు కుర్చీకి తగిలే గుండ్రటి భాగం మాత్రమే అనుకుని, దాన్ని నాలుగు చేస్తారు. అప్పుడు వాళ్ల "పై బయటి" భాగం అసలు చోటు కంటే చాలా కిందకి దిగిపోతుంది. లెక్కకి పిరుదు నడుము పక్కన తగిలే ఇలియాక్ క్రెస్ట్ ఎముక దాకా ఉంటుంది. అక్కడి నుంచి కొలవాలి. నిన్న నువ్వు గుచ్చిన చోటు నాలుగు వేళ్లు కిందకి ఉంది, మనిషి అయితే సయాటిక్ నరం దాపుల్లోకి వచ్చేది.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు. నేను చదువుకునే రోజుల్లో ఒక వార్డులో హడావిడిగా, బట్ట పూర్తిగా దించకుండా, నడుము దగ్గర కాస్త లాగి చేశాను. ఆయన "అమ్మా, కాలంతా కరెంటు కొట్టింది" అని అరిచాడు. వెంటనే సూది తీసేశాను. సాయంత్రం దాకా పాదం తిమ్మిరిగానే ఉందన్నాడు. అదృష్టం, తర్వాత తగ్గింది. తగ్గని వాళ్లకి పాదం పైకి లేవదు, ఈడ్చుకుంటూ నడవాల్సి వస్తుంది. ఆ రోజు నుంచి బట్ట తీయడానికి నేను మొహమాటపడను. కర్టెన్ వేసి, చెప్పి, కావలసినంత దించుతాను. మిగతా ఒంటి మీద దుప్పటి కప్పుతాను.

పిరుదు వెనక వైపు, అంటే డోర్సోగ్లూటియల్‌లో చెయ్యాల్సి వస్తే, నడుము కింద వెనక సొట్ట పడే చోట తగిలే ఎముక నుంచి గ్రేటర్ ట్రోకాంటర్ దాకా ఒక గీత ఊహించుకో. ఆ గీతకి పైన, బయటి వైపు మాత్రమే. మనిషిని బోర్లా పడుకోబెట్టి కాలి వేళ్లు లోపలికి తిప్పమంటే కండ వదులవుతుంది. నిలబెట్టి చెయ్యకు, కండ బిగుస్తుంది, కళ్లు తిరిగి పడినా పడతారు. నడక రాని పిల్లలకి ఈ చోటు వద్దే వద్దు. హెపటైటిస్ బి, రేబిస్ టీకాలు కూడా పిరుదుకి వెయ్యం, అక్కడ వేస్తే అవి సరిగ్గా పనిచెయ్యవు.

రేపు మనం చేసేది వెంట్రోగ్లూటియల్, తుంటి పక్క భాగం. పెద్ద నరాలకీ నాళాలకీ దూరం, కొవ్వూ పలచన, ఎముకలు తేలిగ్గా తగులుతాయి. దీన్ని చాలామంది వాడకపోవడానికి కారణం అలవాటు లేకపోవడమే అని నా అభిప్రాయం. మనిషి పక్కకి తిరిగి పడుకుని పై మోకాలు కాస్త మడుస్తాడు. కుడి తుంటికైతే నీ ఎడమ చెయ్యి, ఎడమ తుంటికైతే కుడి చెయ్యి. అరచేతి మడమని గ్రేటర్ ట్రోకాంటర్ మీద పెట్టు. బొటనవేలు గజ్జ వైపు, మిగతా వేళ్లు తల వైపు. చూపుడువేలు తుంటి ముందు పొడుచుకొచ్చే ఎముక మీద, అంటే యాంటీరియర్ సుపీరియర్ ఇలియాక్ స్పైన్ మీద. మధ్యవేలిని వెనక్కి, ఇలియాక్ క్రెస్ట్ వెంట ఎంత చాపగలిగితే అంత చాపు. రెండు వేళ్ల మధ్య ఇంగ్లీషు V అక్షరం లాంటి సందు వస్తుంది. ఆ సందు మధ్యే నీ చోటు. రాత్రి నీ తుంటి మీద కనీసం పదిసార్లు చెయ్యి.

చేతులు కడుక్కుని మొదలుపెడదాం. కేస్ షీట్‌లో ఆర్డర్ చదివి, పేరు ఆయన నోటితోనే చెప్పించు. "మీ పేరు ఫలానా కదా" అని అడిగితే నిద్రమత్తులో ఎవరైనా ఊ అంటారు. నొప్పి మాత్రలతో ఆయాసం వచ్చిందా, కడుపులో పుండు ఉందా, కిడ్నీ జబ్బు ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని అడుగు. దేనికైనా అవునంటే ఆగి నాకు చెప్పు. ఆంప్యూల్ మీద పేరు, మోతాదు, గడువు తేదీ చదువు. మందు లాగాక సూది మార్చు. లాగిన సూదికి మొన మొద్దుబారుతుంది, బయట అంటిన మందు చర్మాన్నీ కొవ్వునీ మండిస్తుంది. సిరంజిలో గాలి తీసెయ్యి.

చోటు పట్టాక స్పిరిట్ దూదితో మధ్య నుంచి బయటికి గుండ్రంగా తుడువు, ముప్పై సెకన్లు. ఆరనివ్వు, ఇంకో ముప్పై సెకన్లు. ఊదకు, దూదితో ఒత్తకు. తడి మీద గుచ్చితే చురుక్కుమంటుంది, క్రిములూ చావవు. తుడిచాక ఆ చోటుని మళ్లీ వేలితో తాకకు.

డైక్లోఫెనాక్ లాంటి చికాకు పెట్టే మందుకి జెడ్ ట్రాక్ చేద్దాం. చోటు ఖాయం చేసుకున్నాక ఆ చేతి అంచుతో చర్మాన్ని రెండు మూడు సెంటీమీటర్లు పక్కకి లాగి అలాగే పట్టుకో. ఇంకో చేత్తో సిరంజిని పెన్సిల్‌లా పట్టుకుని, తొంభై డిగ్రీల్లో ఒక్క ఊపున దింపు. మెల్లగా నెడితేనే నొప్పి ఎక్కువ. తర్వాత ప్లంజర్‌ని కొద్దిగా వెనక్కి లాగి ఐదు నుంచి పది సెకన్లు చూడు. టీకాలకి ఇలా లాగి చూడక్కర్లేదు, కానీ పిరుదులో ఇలాంటి మందుకి నేను చూపిస్తాను, ఎందుకంటే డైక్లోఫెనాక్ పొరపాటున ధమనిలోకి పోతే అక్కడి చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. రక్తం కనిపిస్తే బయటికి తీసి, అంతా పారేసి, కొత్త మందు, కొత్త సూది, కొత్త చోటు. "కొంచెమే కదా" అనుకోకు. రక్తం లేకపోతే నెమ్మదిగా ఎక్కించు, 1 మి.లీ.కి పది సెకన్లు, అంటే అరనిమిషం. నీకది చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది, మనసులో లెక్కపెట్టుకో. మందు అయ్యాక పది సెకన్లు ఆగి, సూదిని దిగిన దారినే తీసి, ఆ తర్వాతే లాగిన చర్మం వదులు. మందు వెళ్లిన దారి మూసుకుపోతుంది. పొడి దూదితో మెల్లగా అదుము. రుద్దకు.

గుచ్చేటప్పుడు సూది గట్టిగా తగిలితే అది ఎముక. కొద్దిగా వెనక్కి తీసి కొనసాగించు. ఆయన కాలు వెంట జివ్వుమందంటే మాట పూర్తయ్యేలోపే సూది బయట ఉండాలి, తర్వాత నాకు చెప్పు.

మూత పెట్టకు. సూది చివర మూత పెట్టబోయి వేలు గుచ్చుకున్న వాళ్లని నేను లెక్క పెట్టలేనంతమందిని చూశాను. సిరంజితో సహా నేరుగా సూదుల డబ్బాలోకి. డబ్బా ముప్పావు నిండితే మార్చాలి. ఒకవేళ నీకే గుచ్చుకుంటే వేలు పిండకు, సబ్బుతో నీళ్ల కింద కడుక్కుని వెంటనే వచ్చి చెప్పు. హెచ్‌ఐవీ నివారణ మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. తిడతారని దాచుకుంటే నిజంగానే తిడతాను.

చేశాక టైము, మందు, మోతాదు, ఏ వైపు తుంటి అన్నది వెంటనే షీట్‌లో రాయి. రాత్రి షిఫ్ట్ వాళ్లు రెండో వైపు చెయ్యాలంటే అదే ఆధారం. అరగంట తర్వాత మళ్లీ వెళ్లి నొప్పి ఎలా ఉందో, ఒంటి మీద దద్దుర్లు గానీ ఆయాసం గానీ ఉన్నాయేమో చూడు.

ఏడున్నరకి ట్రాలీ దగ్గర ఉండు. గోళ్లు కత్తిరించుకుని రా, ఎముక వెతికేటప్పుడు ఆయనకి గుచ్చుకుంటాయి.