సవరణ: 40 మంగళగిరి చీరలకు నిన్న చెప్పిన ధర తప్పు, దయచేసి అడ్వాన్సు పంపకండి

సునీత గారికి నమస్కారం.

నిన్న సాయంత్రం నేను పంపిన కొటేషన్‌లో చీర ధర తప్పుగా వేశాను. ఒక్కో చీర 1,150 రూపాయలని రాశాను, అసలు ధర 1,480. పొరపాటు పూర్తిగా నాదే, క్షమించండి. మీరింకా ఆర్డరు ఖాయం చేయలేదు కాబట్టి, డబ్బు కట్టకముందే చెప్పాలని పొద్దున్నే రాస్తున్నాను.

జరిగింది ఇదీ. మీరు ఫొటోలో పంపింది నిజాం అంచు చీర. అంచు వెంబడి పళ్లలా వరసగా జరీ గోపురాలు ఉన్నాయి చూడండి, అదే. మా ధరల పట్టికలో దాని పై వరసలోనే సాదా జరీ అంచు చీర ఉంటుంది. నేను ఆ రేటు చూసి వేసేశాను. రాత్రి స్టాకు సరిచూస్తుంటే తెలిసింది. చీర నూలు రెండిటికీ ఒకటే, 80వ నంబరు. తేడా అంతా అంచులోనే: ఆ గోపురాలకు జరీ ఎక్కువ పడుతుంది, మగ్గం మీద పని కూడా ఎక్కువే.

నిన్నటి లెక్క ప్రకారం జీఎస్టీ 5 శాతంతో కలిపి 48,300 అయింది. అసలు ధరకైతే 62,160 అవుతుంది. గృహప్రవేశానికి ఒక బడ్జెట్ అనుకుని ఉంటారు, చివర్లో ఇంత పెంచి చెప్పడం బాగోదని నాకూ తెలుసు. మా సారుతో మాట్లాడాను. మీకు చీర 1,420కి ఇస్తాం. పన్నుతో కలిపి 59,640. హైదరాబాద్‌కు పార్శిల్ ఖర్చు మాదే. ఇంతకంటే తగ్గిస్తే నేతగాళ్ల కూలీలో కోత పెట్టాల్సి వస్తుంది, అది మేం చేయలేం.

బడ్జెట్ దాటకూడదనుకుంటే సాదా అంచు చీరలు అవే రంగుల్లో నిన్న చెప్పిన 1,150కే ఇస్తాం, మొత్తం 48,300లో మార్పు లేదు. లేదా దగ్గరి బంధువులకు నిజాం అంచువి 20, మిగతావాళ్లకు సాదావి 20 తీసుకున్నా బాగుంటుంది, అప్పుడు 53,970 అవుతుంది. ఏదైనా సరే, జాకెట్టు గుడ్డ చీరతోనే వస్తుంది. రెండు అంచుల ఫొటోలూ పక్కపక్కన పెట్టి దీనికి జత చేశాను, పగటి వెలుతురులో తీసినవే.

ఒక విషయం ముందే చెప్పాలి. నిజాం అంచువి ఇప్పుడు 28 సిద్ధంగా ఉన్నాయి. మొత్తం 40 కావాలంటే మిగతా 12 నేయడానికి పది రోజులు పడుతుంది. సాదావి అన్నీ ఉన్నాయి.

నిన్నటి కొటేషన్ రద్దయినట్టే అనుకోండి. మీకు నచ్చింది ఏదో ఈ మెయిల్‌కే జవాబుగా రాస్తే కొత్త కొటేషన్ పంపిస్తాను, అది చూసుకున్నాకే అడ్వాన్సు వేయండి. ఆ 28 చీరలూ శనివారం సాయంత్రం దాకా మీ కోసం పక్కన పెట్టి ఉంచుతాను. అసలు వద్దనుకున్నా పర్వాలేదండీ, ఒక్క మాట రాయండి చాలు.

ఇట్లు,
మాధవి
ఆర్డర్ల విభాగం, మంగళగిరి