14 షాపుల లాయల్టీ పథకం: పాయింట్లా, గోల్డ్ కార్డులా, క్యాష్‌బ్యాకా?

షాపు మేనేజర్లకు, బిల్లింగ్ విభాగానికి

ప్రతిపాదన ఇది: బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు నెలనెలా కొనేవారికి, మందు అయిపోయేలోపు మళ్లీ వస్తే క్యాష్‌బ్యాక్ ఇద్దాం. ఎంత ఖర్చుపెట్టారో చూసి ఇచ్చే గోల్డ్, ప్లాటినం కార్డులు వద్దు.

ముందు లెక్క చూడండి. ధరల నియంత్రణలో ఉన్న మందులపై రిటైలర్ మార్జిన్ 16 శాతం. అది రిటైలర్ కొనే ధర మీద లెక్క కాబట్టి, జీఎస్టీ కాక 1,000 రూపాయల అమ్మకంలో మనకు వచ్చేది సుమారు 138. ఇప్పుడు కౌంటర్లో ఇస్తున్న 10 శాతం పోతే మిగిలేది 38. దాని మీద ఇంకో పథకం పెడితే అద్దెకు, ఫార్మసిస్టు జీతానికి ఏమీ ఉండదు. అందుకే తగ్గింపు 7 శాతానికి దించి, సమయానికి వచ్చిన సభ్యులకు వచ్చే బిల్లులో 4 శాతం ఇద్దాం. అందరూ సమయానికి వచ్చినా 28 మిగులుతుంది. ఒక్కసారి కొని వెళ్లేవారికి 7 శాతమే పడుతుంది కాబట్టి, తేడా అక్కడ పూడుతుంది.

పాయింట్లు ఎందుకు కాదంటే, వందకు 4 పాయింట్లు, పాయింటుకు పావలా అంటే చివరికి 1 శాతమే. గాజువాక కౌంటర్లో సాయంత్రం వరుసలో నిలబడ్డ పెద్దాయనకు ఆ లెక్క చెప్పేలోపు వెనకవాళ్లు వెళ్లిపోతారు. ‘మీ ఖాతాలో 46 రూపాయలు ఉన్నాయండీ’ అంటే వెంటనే అర్థమవుతుంది. డైపర్లు, ప్రొటీన్ పొడుల్లాంటి వాటికి మాత్రం పాయింట్లు పనికొస్తాయి, కదలని సరుకుపై రెట్టింపు ఇవ్వొచ్చు.

గోల్డ్ కార్డు సంగతి వేరు. ఏడాదికి 60,000 దాటేది ఎక్కువగా క్యాన్సర్, కిడ్నీ రోగులు. రోగం ముదిరితే హోదా పెరిగి, తగ్గితే కార్డు పోయే పథకం మందుల షాపులో ఉండకూడదు.

గడువును క్యాలెండర్ బట్టి కాక మాత్రల లెక్కన పెట్టాలి. రోజుకు రెండేసి వాడే మాత్ర 15 ఉన్న స్ట్రిప్పులు నాలుగు కొంటే 30 రోజులు వస్తాయి. అయిపోయే తేదీకి 5 రోజుల ముందు నుంచి 3 రోజుల తర్వాత వరకు వస్తే 4 శాతం. మెసేజ్‌లో మందు పేరు ఉండకూడదు, ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు.

యాంటీబయాటిక్స్‌కు, షెడ్యూల్ హెచ్1, ఎక్స్ మందులకు ఏ ప్రోత్సాహమూ లేదు. వాటిని సాఫ్ట్‌వేర్‌లోనే ఆపాలి, కౌంటర్ విచక్షణకు వదలొద్దు.

ఎక్కువగా దెబ్బతినేది రెండుచోట్ల. సభ్యుడు కాని కస్టమర్ బిల్లుకు సిబ్బంది తమ నంబరు కొడతారు: ఒకే నంబరు రోజులో 3 బిల్లులు దాటితే మేనేజర్‌కు అలర్ట్, వాడుకునేటప్పుడు ఓటీపీ. రెండోది వాపసు: క్యాష్‌బ్యాక్ 7 రోజుల తర్వాతే ఖాతాలో పడాలి, తిరిగిచ్చిన స్ట్రిప్పుల వాటా తీసేయాలి.

కేజీహెచ్ దగ్గరి మహారాణిపేట షాపులో పథకం పెట్టొద్దు. అక్కడికి శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఒక్క బిల్లుతో వెళ్లేవారే ఎక్కువ, వారికి నేరుగా 10 శాతమే ఉంచుదాం. గాజువాక, ఎంవీపీ కాలనీ షాపుల్లో 90 రోజులు నడిపి, సమయానికి వచ్చినవారి శాతాన్ని పాత మూడు నెలలతో పోల్చి మిగతా 11 షాపుల సంగతి తేలుద్దాం.