మందారత్త వంటిల్లు

(జులై నెల. ఒక ఊరి ప్రాథమికోన్నత పాఠశాల. వరండా మెట్ల పక్కన నిలువెత్తు మందార చెట్టు. వరండాలో స్తంభం వెనక, నీడలో ఒక కొబ్బరి చిప్ప. ఏడో తరగతి పిల్లలు పది రోజుల కిందట అందులో నాటిన చిక్కుడు గింజ మొలకెత్తింది. ఇద్దరు పిల్లలు చెరో పాత్ర తీసుకుని పైకి చదవండి. మందార చదివేవాళ్లు తొందరపడకుండా, నెమ్మదిగా చదవాలి.)

చిక్కుడు: అత్తా! మందారత్తా! నిద్రపోతున్నావా?

మందార: పొద్దెక్కాక నాకు నిద్రేమిటే కోడలు పిల్లా! వంట పనిలో ఉన్నాను. ఏంటో చెప్పు.

చిక్కుడు: నాకు భయంగా ఉందత్తా. గింజలోంచి బయటికి వస్తూ రెండు బద్దలు మోసుకొచ్చానా, అప్పుడు ఎంత బొద్దుగా ఉండేవో! ఇవాళ చూడు, ముడతలు పడి వేలాడుతున్నాయి. నాకేదో జబ్బు చేసిందేమో.

మందార: జబ్బూ లేదు, ఏమీ లేదు. వాటిని బీజదళాలంటారు. మీ అమ్మ కట్టిచ్చిన సద్దిమూట అనుకో. వేరు వేయడానికి, కాడ పైకెత్తడానికి ఇన్నాళ్లూ దాన్నే తిన్నావు. సద్ది అయిపోతే మూట ముడతలు పడదా మరి?

చిక్కుడు: అయ్యో! అయిపోయాక ఏం తినాలి? మట్టి తినాలా?

మందార: అందరూ అలాగే అనుకుంటారు, చాలామంది పెద్దవాళ్లు కూడా. మొన్న టీచరుగారు నా నీడలో కూర్చోబెట్టి పిల్లలకు ఒక సంగతి చెప్పారు. దాదాపు 400 ఏళ్ల కిందట వాన్ హెల్మాంట్ అని ఒకాయన ఉండేవాడట. మట్టిని ఎండబెట్టి, తూకం వేసి ఒక పెద్ద కుండీలో పోశాడు. అందులో చిన్న విల్లో మొక్క నాటి అయిదేళ్లు నీళ్లు పోశాడు. ఆ తర్వాత చెట్టునీ మట్టినీ విడివిడిగా తూచాడు. చెట్టు 70 కిలోలకు పైగా బరువు పెరిగింది. మట్టి ఎంత తగ్గి ఉంటుందో చెప్పు.

చిక్కుడు: 70 కిలోలు తగ్గుంటుంది!

మందార: 60 గ్రాములు కూడా తగ్గలేదు.

చిక్కుడు: మరి అంత చెట్టు ఎక్కణ్నుంచి వచ్చింది?

మందార: ఆయనకూ అదే ఆశ్చర్యం. పోసింది నీళ్లే కదా, చెట్టంతా నీళ్లలోంచే వచ్చిందనుకున్నాడు పాపం. సగం నిజమే. మిగతా సగం ఆయన చుట్టూనే ఉంది, కానీ కంటికి కనిపించలేదు.

చిక్కుడు: కంటికి కనిపించనిదా? గాలా?

మందార: గాలే! నా కాండం, ఈ కొమ్మలు, ఈ ఎర్రటి పూలు, వీటిలో చాలా భాగం ఒకప్పుడు గాలిలో తిరిగిందే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. ఉండేదీ కొంచెమే. గాలిని 10,000 పాళ్లు చేస్తే అందులో అది 4 పాళ్లు ఉంటుందంతే. ఆ కాస్త దాన్ని ఏరుకుని తెచ్చుకుని, వేళ్లు పంపే నీళ్లతో కలిపి, మన తిండి మనమే వండుకుంటాం.

చిక్కుడు: మట్టితో అసలు పనే లేదా అయితే?

మందార: అలా అనకు. మట్టిలోంచి నీళ్లతో పాటు ఖనిజ లవణాలు వస్తాయి. కూరలో ఉప్పు లాంటివవి. ఉప్పొక్కటే తిని ఎవరైనా బతుకుతారా? అలాగని ఉప్పు లేకపోతే కూర కుదురుతుందా?

చిక్కుడు: సరే, వంటిల్లు ఎక్కడుంది?

మందార: నీ దగ్గరే ఉంది. ఆకు! ఇదిగో, నా కొమ్మ వంచుతున్నాను, ఈ ఆకు అడుగు వైపు చూడు. ఉత్త కంటికి కనబడవు కానీ ఇక్కడ వేలకు వేలు సన్నటి రంధ్రాలున్నాయి. పత్రరంధ్రాలు. ఒక్కో రంధ్రానికి రెండు కణాలు కాపలా. రెండు పెదవుల్లా విచ్చుకుంటాయి, మూసుకుంటాయి. గాలి లోపలికి వచ్చేది ఆ దారినే. ఇక నీళ్లు వేళ్ల దగ్గర బయలుదేరి, కాండంలోని సన్నటి గొట్టాల్లో పైకెక్కి, ఇదిగో ఈ ఈనెల్లోకి వస్తాయి.

చిక్కుడు: గాలి వచ్చింది, నీళ్లు వచ్చాయి. మరి పొయ్యి?

మందార: పొయ్యిలో మంట సూర్యుడిది. కానీ ఎండ తగిలితే చాలదు, ఆ వెలుగును పట్టుకునేవాళ్లు ఉండాలి. బడి గోడ మీదా ఎండ పడుతుంది, గోడ వంట చేస్తుందా? ఆకులో ఒక్కో కణంలో చిన్న చిన్న ఆకుపచ్చ గింజల్లాంటివి ఉంటాయి. హరితరేణువులంటారు. వాటిలో పత్రహరితం అనే పదార్థం ఉంటుంది. వెలుగును పట్టేది అదే. సూర్యుడి తెల్లటి వెలుగులో ఏడు రంగులుంటాయని తెలుసుగా? పత్రహరితం ఎరుపునూ నీలాన్నీ బాగా తాగేస్తుంది. ఆకుపచ్చను అంతగా తాగదు, చాలావరకు వెనక్కి పంపేస్తుంది. ఆ వెనక్కి వచ్చిందే పిల్లల కళ్లకు చేరుతుంది. అందుకే మనం పచ్చగా కనిపిస్తాం.

చిక్కుడు: (చిన్నగా) నేను పచ్చగా లేను కదత్తా. పసుపుగా, పాలిపోయి ఉన్నాను.

మందార: చూశానే. ఆ స్తంభం వెనక వెలుగు చాలడం లేదు నీకు. పత్రహరితం తయారవ్వాలన్నా వెలుగు కావాలి. అందుకే చూడు, నీ కాడ సన్నగా సాగిపోయి మెట్ల వైపు వంగింది. ఎండ ఎటుందో నీకెవరూ చెప్పలేదు, నువ్వే కనిపెట్టావు. భయపడకు, రేపు ఆ రెండు జడల పిల్ల నీళ్లు పోయడానికి వస్తుంది. దాని కంట పడతావులే.

చిక్కుడు: వండితే ఏం తయారవుతుందత్తా?

మందార: చక్కెర! గ్లూకోజ్ అంటారు. వెలుగు బలంతో ముందు నీటిని విడగొడతాం. అందులోంచి ఆక్సిజన్ విడిపోయి బయటికి వెళ్లిపోతుంది. మిగిలినదాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి చక్కెర చేస్తాం. ఇది బాగా గుర్తుపెట్టుకో, మనం వదిలే ఆక్సిజన్ నీళ్లలోంచి వచ్చింది. కార్బన్ డయాక్సైడ్‌లోంచి వచ్చిందని చాలామంది పొరబడతారు.

చిక్కుడు: ఆక్సిజన్ వెళ్లడం నువ్వు చూశావా?

మందార: చూశాను! అదిగో, కుళాయి దగ్గర నీళ్ల తొట్టిలో హైడ్రిల్లా తీగ ఉంది కదా. ఉదయం ఎండ తొట్టి మీద పడగానే ఆ తీగ నుంచి చిన్న చిన్న బుడగలు వరసగా పైకి లేస్తాయి, దారానికి ముత్యాలు గుచ్చినట్టు. మబ్బు పట్టిందా, బుడగలు తగ్గిపోతాయి. మబ్బు తొలగిందా, మళ్లీ మొదలు. మనం వదిలేదీ అదే, కానీ గాలిలో కలిసిపోతుంది కాబట్టి కనబడదు. 1771లో ప్రీస్ట్లీ అనే ఆయన, కొవ్వొత్తి వెలిగి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా రెమ్మను ఉంచాడట. కొన్నాళ్లయ్యాక అదే గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలిగింది!

చిక్కుడు: పుదీనాయా! మన వంటింటి పుదీనాయే?

మందార: ఆ జాతిదే. చట్నీలో వేసుకునే ఆకు అంత పని చేసిందన్నమాట.

చిక్కుడు: అత్తా, నీ ఆకుకు ఆ నల్ల కాగితం ఏంటి? మొన్న నీకు దెబ్బ తగిలిందేమో, కట్టు కట్టారేమో అనుకున్నాను.

మందార: (నవ్వి) దెబ్బ కాదే, ప్రయోగం. వారం కిందట కూడా ఇలాగే ఒక ఆకు మధ్యలో నల్ల కాగితం పట్టీ చుట్టి, క్లిప్పులు పెట్టారు. పట్టీ కింద వెలుగు పడదు. రెండు రోజులయ్యాక మధ్యాహ్నం పూట ఆ ఆకు కోసి, వేడినీళ్లలో ముంచి, తర్వాత స్పిరిట్‌లో ఉంచి, ఆ స్పిరిట్ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టారు. స్పిరిట్‌ను నేరుగా మంట మీద పెట్టకూడదు, భగ్గుమంటుంది. టీచరుగారు దగ్గరుండి చేయించారు. పచ్చదనమంతా స్పిరిట్‌లోకి దిగిపోయి, ఆకు తెల్లకాగితంలా అయిపోయింది. దాని మీద అయోడిన్ చుక్కలు వేశారు.

చిక్కుడు: ఏమైంది, ఏమైంది?

మందార: ఆకంతా నీలి నలుపుకు తిరిగింది. పట్టీ ఉన్న చోట మాత్రం గోధుమరంగు చార! ఆ పిల్లలు అరిచిన అరుపుకు నా కొమ్మ మీది పిచ్చుక ఎగిరిపోయింది.

చిక్కుడు: నీలి నలుపు అంటే?

మందార: అక్కడ పిండి పదార్థం ఉందని. పగలు చేసిన చక్కెరలో మనం వాడుకోగా మిగిలింది పిండి పదార్థంగా మార్చి ఆకులో దాచుకుంటాం. రాత్రయ్యాక దాన్ని మళ్లీ చక్కెర చేసి ఈనెల దారిలో వేళ్లకూ చిగుళ్లకూ పంపుతాం. నా పూలలో తేనె దానిదే. నీకు రేపు కాయలొస్తే, ఆ గింజల్లో పిండీ దానిదే. వెలుగు పడని చోట వంటే జరగలేదు కాబట్టి ఆ చార మిగిలింది.

చిక్కుడు: రాత్రి వంట ఉండదు. మరి ఊపిరి? రాత్రి మాత్రమే ఊపిరి పీల్చుకుంటామా?

మందార: పగలూ రాత్రీ కూడా పీల్చుకుంటాం, ప్రాణం ఉన్నాక తప్పుతుందా! ఆక్సిజన్ తీసుకుంటాం, కార్బన్ డయాక్సైడ్ వదులుతాం, అచ్చం ఈ పిల్లల్లాగే. కాకపోతే పగలు వంటలో వదిలే ఆక్సిజన్ మనం పీల్చేదానికంటే చాలా ఎక్కువ. అందుకని పగటి లెక్క వేరుగా కనిపిస్తుంది.

చిక్కుడు: ఎండ ఎంత ఎక్కువైతే అంత మంచిదా అయితే?

మందార: ఏప్రిల్ మధ్యాహ్నం గురించి నన్నడుగు! ఆకు రంధ్రాలు తెరిస్తే గాలి లోపలికి వస్తుంది, నిజమే, కానీ నీళ్లు ఆవిరై బయటికి పోతాయి. నేల ఎండిపోయి వేళ్లకు తడి అందకపోతే ఆ రంధ్రాలు మూసుకోక తప్పదు. మూసుకుంటే గాలి రాదు, వంట తగ్గిపోతుంది. సెలవుల్లో ఇక్కడ నీళ్లు పోసేవాళ్లు లేక నేను ఆకులు వేలాడేసి నిలబడ్డాను. పడమటి గోడ పక్కన నాగజెముడు ఉంది చూడు, దాని తెలివి వేరు. రంధ్రాలు రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి దాచుకుంటుంది, పగలు తలుపులు మూసుకుని వండుకుంటుంది. దాని ఆకులు ముళ్లయిపోయాయి. వంటంతా ఆ పచ్చటి కాండంలోనే.

చిక్కుడు: ఈ వంటకు పేరుందా అత్తా?

మందార: ఉంది. పొడుగ్గా ఉందని బెదిరిపోకు. కిరణజన్య సంయోగక్రియ. విడదీసి చూడు. కిరణం అంటే వెలుగు రేఖ. జన్యం అంటే పుట్టినది. సంయోగం అంటే కలవడం. క్రియ అంటే పని. వెలుగు వల్ల పుట్టిన కలయిక! గాలీ నీళ్లూ కలుస్తున్నాయి, కలుపుతున్నది వెలుగు. పేరులోనే పాఠమంతా ఉంది.

చిక్కుడు: కిరణ... జన్య... సంయోగ... క్రియ!

(మర్నాడు ఉదయం బడి గంట కొట్టకముందే రెండు జడల పిల్ల చెంబుతో నీళ్లు తెచ్చింది. వంగిన కాడను చూసి, చిప్పను రెండు చేతులతో ఎత్తి మెట్ల మీద ఎండలో పెట్టింది. యూనిఫాం అంచుతోనే పక్కనున్న మందార ఆకుల మీది దుమ్ము తుడిచింది. నాలుగు రోజులు గడిచాయి.)

చిక్కుడు: అత్తా! అత్తా! సద్దిమూట రాలిపోయింది! ఒక బద్ద కింద పడింది, చూడు!

మందార: చూస్తున్నాను. ఆకలేస్తోందా?

చిక్కుడు: లేదు! ఆకులు పచ్చబడ్డాయి. పొద్దున ఎండ తగలగానే లోపల ఏదో మొదలైంది. కొత్త చిగురొకటి నీ వైపే వస్తోంది. అల్లుకోనా?

మందార: ఇదిగో, ఈ కింది కొమ్మ పట్టుకో.