సేవల మార్కెటింగ్‌లో 4 పీలు, 7 పీలు: 10 మార్కుల జవాబు

ప్రశ్న: మార్కెటింగ్ మిశ్రమంలోని 4 పీలకు, సేవల కోసం విస్తరించిన 7 పీలకు మధ్య తేడాను తగిన ఉదాహరణతో వివరించండి.

జవాబు:

కొనుగోలుదారుల్ని ఆకట్టుకోవడానికి సంస్థ తన అదుపులో ఉన్న అంశాలను ఏ పాళ్లలో కలుపుతుందో దాన్నే మార్కెటింగ్ మిశ్రమం అంటారు. ఈ పేరును వాడుకలోకి తెచ్చినవారు నీల్ బోర్డెన్. ఆ అంశాలను 1960లో జెరోమ్ మెక్‌కార్తీ ప్రోడక్ట్ (వస్తువు), ప్రైస్ (ధర), ప్లేస్ (పంపిణీ), ప్రమోషన్ (ప్రచారం) అని నాలుగు భాగాలుగా సర్దారు. 1981లో బూమ్స్, బిట్నర్ సేవల కోసం వీటికి పీపుల్ (వ్యక్తులు), ప్రాసెస్ (ప్రక్రియ), ఫిజికల్ ఎవిడెన్స్ (భౌతిక నిదర్శనం) జోడించారు.

అయితే నాలుగుకు మూడు కలిపితే ఏడు అని రాసి ఊరుకుంటే తేడా చెప్పినట్టు కాదు. ఆ మూడే ఎందుకు అవసరమయ్యాయన్నది అసలు విషయం.

ప్రెషర్ కుక్కర్‌నే తీసుకుందాం. అది ఫ్యాక్టరీలో తయారై, తనిఖీ పూర్తయ్యాక దుకాణానికి వస్తుంది. తయారుచేసిన కార్మికుడు ఎవరో, ఆ రోజు అతని మూడ్ ఎలా ఉందో కొనేవారికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కుక్కర్‌ను చేతిలోకి తీసుకుని మూత బిగించి చూస్తారు, నచ్చితే కొంటారు. ఈ రోజు అమ్ముడుపోకపోతే రేపు అమ్ముకోవచ్చు. ఇలాంటి వస్తువుకు 4 పీలు చాలావరకు సరిపోతాయి.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లే రాత్రి బస్సును చూడండి. ప్రయాణాన్ని ముందుగా చేత్తో పట్టుకుని చూడలేం (అగోచరత). బస్సు నడుస్తున్నప్పుడే సేవ తయారవుతుంది, అప్పుడే ఖర్చయిపోతుంది, పైగా ప్రయాణికుడు అందులోనే ఉంటాడు (అవిభాజ్యత). నిన్నటి డ్రైవర్ నడిపినట్టే ఇవాళ్టి డ్రైవర్ నడుపుతాడని చెప్పలేం (వైవిధ్యం). ఖాళీ సీటుతో బస్సు బయలుదేరితే ఆ రాత్రి ఆదాయం పోయినట్టే, దాన్ని దాచి మర్నాడు అమ్మలేం (నశ్వరత). కొత్తగా చేరిన మూడు పీలూ ఈ లక్షణాల నుంచే పుట్టాయి.

పీపుల్: సేవ అందించే మనిషి కూడా సేవలో భాగమే. బస్సు ఎంత కొత్తదైనా, ఎక్కాల్సిన చోటు అడగడానికి ఫోన్ చేసిన ప్రయాణికుడి మీద సిబ్బంది విసుక్కుంటే అతని దృష్టిలో ఆ సేవే బాగోలేదు. అందుకే సేవాసంస్థల్లో ఉద్యోగుల ఎంపిక, శిక్షణ కూడా మార్కెటింగ్ నిర్ణయాలే అవుతాయి. తోటి ప్రయాణికులూ ఈ పీలోకే వస్తారు. అర్ధరాత్రి ఒకరు స్పీకర్ పెట్టి వీడియోలు చూస్తుంటే మిగతావాళ్ల ప్రయాణం పాడవుతుంది. చాలామంది విద్యార్థులు ఉద్యోగుల గురించి రాసి ఆగిపోతారు, ఈ విషయం తప్పకుండా రాయాలి.

ప్రాసెస్: సేవ అందే క్రమం ఇది. సీటు ఎంచుకోవడం, డబ్బు కట్టడం, మెసేజ్ రావడం, బస్సు ఎక్కడుందో ఫోన్‌లో తెలియడం, టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రావడం అన్నీ ఇందులోవే. కుక్కర్ తయారీలో ఎన్ని దశలున్నా కొనేవారికి కనపడవు. ఇక్కడ మాత్రం ప్రతి దశలోనూ ప్రయాణికుడు ఉంటాడు కాబట్టి ఎక్కడ జాప్యం జరిగినా అతనికి నేరుగా తగులుతుంది. ప్రక్రియ పక్కాగా ఉంటే వైవిధ్యం వల్ల వచ్చే హెచ్చుతగ్గులు కూడా తగ్గుతాయి.

ఫిజికల్ ఎవిడెన్స్: కంటికి కనిపించని సేవకు కనిపించే ఆనవాళ్లు. ఉతికిన దుప్పటి, శుభ్రమైన కర్టెన్లు, సిబ్బంది యూనిఫాం, టికెట్ మీద స్పష్టంగా ఉన్న బస్సు నంబరు వంటివి. ప్రయాణం ఎలా ఉండబోతుందో మొదటిసారి ఎక్కేవారు వీటిని చూసే అంచనా వేసుకుంటారు.

మరో ముఖ్యమైన తేడా ఉంది. సేవల్లోకి వచ్చేసరికి పాత నాలుగు పీల స్వభావం కూడా మారుతుంది. ప్రోడక్ట్ అంటే చేతికొచ్చే వస్తువు కాదు, ఒక అనుభవం. సీటును నిల్వ చేయలేరు కాబట్టి పండుగ రద్దీలో ఒక ధర, మామూలు రోజుల్లో ఒక ధర పెడతారు. ప్లేస్ విషయంలో గోడౌన్‌ల కంటే బస్సు ఆగే చోట్లు, బుకింగ్ యాప్ ముఖ్యమవుతాయి. ప్రమోషన్‌లో ప్రకటన కంటే ఇప్పటికే ప్రయాణించినవారి మాటకు విలువ ఎక్కువ.

అయితే 4 పీలు వస్తువులకే, 7 పీలు సేవలకే అని గట్టిగా గీత గీయలేం. ఏసీ వస్తువే, కానీ దాన్ని బిగించడానికి ఇంటికొచ్చే టెక్నీషియన్ (పీపుల్), సర్వీస్ కోసం ఫిర్యాదు నమోదు చేసే పద్ధతి (ప్రాసెస్), చేతికిచ్చే వారంటీ కార్డు (ఫిజికల్ ఎవిడెన్స్) కూడా అమ్మకాన్ని ప్రభావితం చేస్తాయి. అమ్మేదానిలో సేవ పాలు ఎంత పెరిగితే ఆ మూడు పీల అవసరం అంత పెరుగుతుంది.