పదో తరగతి ప్రీ-ఫైనల్ పరీక్ష – గణితం
సాధారణ సూచనలు

సమయం: 3 గం. 15 ని. (ఉ. 9.30 – మ. 12.45)
గరిష్ఠ మార్కులు: 100

1. మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదవడానికే. 9.45 గంటల బెల్లు మోగాకే జవాబులు రాయడం మొదలుపెట్టాలి. 4 విభాగాలు, 33 ప్రశ్నలు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. పేజీ తగ్గినా, అచ్చు చెరిగినా వెంటనే ఇన్విజిలేటర్‌కు చెప్పండి.

2. మార్కులు:
విభాగం I: ప్రశ్నలు 1–12, 12 × 1 = 12
విభాగం II: ప్రశ్నలు 13–20, 8 × 2 = 16
విభాగం III: ప్రశ్నలు 21–28, 8 × 4 = 32
విభాగం IV: ప్రశ్నలు 29–33, 5 × 8 = 40

3. మొదటి మూడు విభాగాల్లో ఛాయిస్ లేదు. విభాగం IVలో ప్రతి ప్రశ్నకూ (అ), (ఆ) ఉంటాయి, ఒకటే రాయాలి. 29లో రెండూ రాసి 30 వదిలేస్తే కుదరదు, రెండోదానికి మార్కులు రావు. రెండూ రాస్తే ముందు రాసినదే దిద్దుతారు. కాబట్టి మధ్యలో మనసు మార్చుకుంటే, రాసినదాన్ని అడ్డంగా ఒక గీతతో కొట్టేసి రెండోది మొదలుపెట్టండి. ప్రశ్న సంఖ్యతో పాటు (అ) లేదా (ఆ) అని మార్జిన్‌లో తప్పక వేయాలి.

4. విభాగం Iకి 15, IIకి 25, IIIకి 55, IVకి 75 నిమిషాలు పెట్టుకుంటే సరిచూసుకోవడానికి 10 నిమిషాలు మిగులుతాయి. ఒక్క మార్కు ప్రశ్న దగ్గర ఆగిపోకండి. 40 మార్కులు చివరి విభాగంలోనే ఉన్నాయి.

5. హాల్‌టికెట్, నీలం లేదా నలుపు పెన్ను, పెన్సిల్, స్కేలు, జామెట్రీ బాక్సు తెచ్చుకోవాలి. పటాలు, గ్రాఫు పెన్సిల్‌తోనే గీయాలి. కాలిక్యులేటర్, సెల్‌ఫోన్, స్మార్ట్ వాచ్ హాలులోకి తేకూడదు. ఎరుపు, ఆకుపచ్చ సిరా వాడకూడదు.

6. 33(అ) గ్రాఫు ప్రశ్న. అది ఎంచుకున్నవారే గ్రాఫు కాగితం అడగండి. రెండు అక్షాలపైనా 1 సెం.మీ. = 1 యూనిట్ తీసుకుని, స్కేలును కుడివైపు పైమూలలో రాయాలి. ఒక్కో సమీకరణానికి మూడు బిందువులు కనుక్కోండి. రెండు బిందువులతో లెక్క తప్పినా గీత వచ్చేస్తుంది, తప్పు బయటపడదు. మూడోది గీత మీద పడకపోతే పట్టిక మళ్లీ చూసుకోవచ్చు. పట్టికలకు 2, అక్షాలు, స్కేలుకు 1, రెండు సరళరేఖలకు 4, ఖండన బిందువు నిరూపకాలకు 1 మార్కు. గ్రాఫు కాగితంపై హాల్‌టికెట్ నంబరు వేసి, సమాధాన పత్రానికి దారంతో కట్టండి.

7. విభాగం II నుంచి సూత్రం, సోపానాలు రాయాలి. చివరి విలువ తప్పినా సరైన సోపానాలకు మార్కులుంటాయి. జవాబు ఒక్కటే రాస్తే పూర్తి మార్కులు రావు. వైశాల్యం, ఘనపరిమాణం లెక్కల్లో ప్రమాణం (చ.సెం.మీ., ఘ.సెం.మీ.) వేయకపోతే అర మార్కు పోతుంది. ప్రశ్నలో వేరే చెప్పకపోతే π = 22/7 తీసుకోండి.

8. చిత్తు పని అదే పేజీలో కుడివైపు గీత గీసి చేయండి, చెరపకండి. ప్రశ్నపత్రంపై హాల్‌టికెట్ నంబరు తప్ప ఏమీ రాయకూడదు.

9. 24 పేజీల బుక్‌లెట్ నిండితేనే అదనపు పత్రం ఇస్తారు. 12.45కు ముందు ఎవరినీ బయటకు పంపరు.