ఆసుపత్రి సిబ్బంది క్వార్టర్లకు గీజర్ల బదులు సోలార్ వాటర్ హీటర్లు పెట్టాలని కోరుతూ లేఖ

కోరాపుట్,
19 ఆగస్టు 2024

గౌరవనీయులైన ట్రస్టు కార్యదర్శి గారికి,

నమస్కారాలు.

క్వార్టర్లలోని 24 ఇళ్లకూ కరెంటు గీజర్లు కొందామని పోయిన నెల మీటింగులో అనుకున్నాం. ఆ రోజు నేనూ సరేనన్నాను. తర్వాత మన ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని నాలుగు బ్లాకులూ తిరిగి చూశాను. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. గీజర్ల ఆర్డరు ఆపి, మేడల మీద సోలార్ వాటర్ హీటర్లు పెట్టించమని సిఫారసు చేస్తున్నాను.

వేడినీళ్లు మాత్రం ఇవ్వాల్సిందే. మన ఊరు 870 మీటర్ల ఎత్తున ఉంది. పుష్యమాసంలో తెల్లవారుజామున కొళాయి కింద చెయ్యి పెట్టలేం. నైట్ డ్యూటీ దిగిన సిస్టర్ స్నానం చేయకుండా ఇంట్లో పసిబిడ్డను ఎత్తుకోదు. చాలా ఇళ్లలో బకెట్లో హీటర్ రాడ్ వేస్తున్నారు, పిల్లలు తిరిగే చోటే. కింది ఇళ్లలో ఆయాలు ఇంకా కట్టెల పొయ్యి మీదే కాచుకుంటున్నారు. ఈ చలికాలం కూడా వాళ్లను అలాగే వదిలేయడం నాకు ఇష్టం లేదు.

గీజర్లతో నా భయం ఉదయం వేళ గురించి. 25 లీటర్ల గీజరు ఒక్కోటి 2 కిలోవాట్లు. అయిదున్నర నుంచి ఏడు లోపల అందరూ వేస్తారు కాబట్టి 24 ఇళ్లకు 48 కిలోవాట్లు. ఆసుపత్రికీ క్వార్టర్లకూ ఉన్నది ఒకే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. సరిగ్గా ఆ వేళకే నీళ్ల మోటారు తిరుగుతుంది, ఆపరేషన్ థియేటర్ పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో మొదటి లోడు పెడతారు. పోయిన జనవరిలో ఒక ఉదయం రాడ్ల దెబ్బకే మెయిన్ బ్రేకర్ పడిపోయింది. ఆటోక్లేవ్ సగంలో ఆగింది. వేడి 121 డిగ్రీల కంటే కిందికి పడిపోతే మళ్లీ మొదటి నుంచి పెట్టాల్సిందే. అప్పటికే సిజేరియన్‌కు ఒకావిడను తీసుకొచ్చారు. ముందే శుద్ధి చేసి విడిగా దాచిన ఒక్క డ్రమ్ము సామానుతో గట్టెక్కాం, తల్లీబిడ్డా క్షేమం. ఆ అరగంట టెన్షన్ నేను మర్చిపోలేదు. నాలుగైదు రాడ్లకే అలా అయితే 24 గీజర్లకు ఏమవుతుందో మీరే ఆలోచించండి. పైగా పాత ఇళ్లలో వైరు సన్నం, కొన్ని బాత్రూముల్లో ఎర్తింగే లేదు.

ఖర్చు సంగతి. గీజరు, విడి లైను, ఎంసీబీ కలిపి ఇంటికి 13,000 రూపాయల చొప్పున 3,12,000 అవుతుంది. సోలార్‌కు బ్లాకుకు 300 లీటర్లవి రెండు, మొత్తం ఎనిమిది. ఒక్కోటి 52,000. పైపులకూ వాటి మీది తొడుగుకూ 1,10,000. అంతా 5,26,000. అంటే 2,14,000 ఎక్కువ. 25 లీటర్లను 18 డిగ్రీల నుంచి 60కి కాచడానికి 1.2 యూనిట్లు కావాలి. ఇంటికి రోజూ రెండుసార్లు కాచుకున్నా నెలకు సుమారు 1,750 యూనిట్లు, మన బిల్లు రేటు యూనిట్‌కు 6 రూపాయలు కాబట్టి దాదాపు 10,500. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అయిదు నెలలే లెక్కేసినా ఎక్కువ పెట్టిన డబ్బు సుమారు నాలుగేళ్లలో తిరిగొస్తుంది.

రాగి గొట్టాల రకం కాకుండా గాజు గొట్టాలదే తీసుకుందాం. మన బోరు నీళ్లకు గిన్నెలకే తెల్లటి పొర పడుతోంది, సన్నటి రాగి గొట్టాలు అలా పూడుకుపోతాయి. గాజు గొట్టాలను ఏడాదికోసారి ఊడదీసి కడిగించుకోవచ్చు. కోతులు, వడగళ్ల వల్ల ఒకటీ రెండూ పగలవచ్చు, అందుకు పది గొట్టాలు అదనంగా కొని పెట్టుకోవాలి. ఇంకో పని ఉంది: చన్నీళ్ల ట్యాంకు సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. ఇప్పుడున్నవి స్లాబు మీదే ఉన్నాయి. వాటి కింద ఇటుక దిమ్మెలు మన మేస్త్రీ కట్టగలడు, ఆ కూలి పై లెక్కలో లేదు.

ఇంటికి వంద లీటర్లు వస్తాయి. చన్నీళ్లు కలుపుకుంటే పది బకెట్లు. వానాకాలంలో ఎండ ఉండదని డాక్టరు గారు అన్నది నిజమే. ప్రతి ట్యాంకులో 2 కిలోవాట్ల కరెంటు ఎలిమెంటు కూడా పెట్టిద్దాం. ముసురు రోజుల్లో థియేటర్ పని అయిపోయాక, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎలక్ట్రీషియనే వేస్తాడు. ట్యాంకు వేడి పట్టి ఉంచుతుంది, తెల్లవారి వాడుకోవచ్చు. స్విచ్‌లు ఇళ్లలో ఉండకూడదన్నది నా పట్టుదల, అవి తాళం వేసిన పెట్టెలో ఉండాలి.

అనుమతి ఈ నెలాఖరుకు ఇప్పిస్తే వానలు తెరిపిచ్చినప్పుడల్లా దిమ్మెలు కట్టించి, దసరా దాటగానే హీటర్లు ఎక్కించగలను. ఒకేసారి అంత డబ్బు కష్టమైతే ముందు ఆయాలు, సిస్టర్లు ఉండే రెండు బ్లాకులకు పెట్టిద్దాం. మా బ్లాకు వచ్చే ఏడాదికి ఆగగలదు. రెండు కొటేషన్లూ ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన లోడు వివరాలూ ఈ ఉత్తరంతో జత చేశాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఆసుపత్రి పరిపాలనాధికారి