60 టన్నుల పవర్ ప్రెస్ మాన్యువల్: తెలుగు అనువాదం పని వివరాలు

పీణ్య, బెంగళూరు
6 అక్టోబర్ 2025

పద్మజ గారికి,

నమస్కారం. ఫోన్‌లో అనుకున్న పని వివరాలు ఇవి. శ్రీసిటీలో ఒక కస్టమర్‌కి డిసెంబర్‌లో ప్రెస్‌లు బిగిస్తున్నాం. అక్కడి ఆపరేటర్లు చదివేది మీ తెలుగే. అందుకే ఇది ఆఫీసు ఫైల్లో ఉండే కాగితంలా కాకుండా, మెషిన్ పక్కన వేలాడే పుస్తకంలా ఉండాలి.

మాన్యువల్ మొత్తం 84 పేజీలు. సేఫ్టీ, ఇన్‌స్టలేషన్, ఆపరేషన్, డై సెట్టింగ్, మెయింటెనెన్స్ అధ్యాయాలు, బొమ్మల కింది మాటలు మీరు చేయాలి. వైరింగ్ డ్రాయింగులు, స్పేర్ పార్టుల పట్టిక, వారంటీ పేజీ వదిలేయండి. ప్యానెల్ మీద కనిపించే EMERGENCY STOP, INCH, SINGLE లాంటివి ఇంగ్లీషులోనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట పక్కన తెలుగులో అర్థం ఇస్తే చాలు.

పదాల జాబితా జతచేశాను. క్లచ్, ఫ్లైవీల్, డై, గార్డ్, లైట్ కర్టెన్ ఇలాగే రాయండి. ఫ్లైవీల్‌కి సంస్కృత పదం కట్టినా షాపులో ఎవరికీ తెలియదు. నాలుగు హెచ్చరిక మాటల్లో మాత్రం రాజీ లేదు: DANGERకి ప్రమాదం, WARNINGకి హెచ్చరిక, CAUTIONకి జాగ్రత్త, NOTICEకి గమనిక. మొదటిది తప్పించుకోకపోతే ప్రాణం పోతుంది లేదా తీవ్రంగా గాయపడతారు. రెండోదానిలో అలా జరిగే అవకాశం ఉంది. మూడోది చిన్న, మధ్యస్థ గాయాలకు. నాలుగోది మనిషికి కాదు, మెషిన్‌కి నష్టం. ఒకదాని చోట ఇంకొకటి పడకూడదు.

ఇంకో మాట. మోటార్ ఆపినా ఫ్లైవీల్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఇంగ్లీషులో ఇదంతా ఒకే పొడుగు వాక్యంలో ఉంది. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి చదివేవాడు సగంలోనే చెయ్యి పెట్టేస్తాడేమోనని నా భయం. ఇలా విడగొట్టండి: "మోటార్ ఆపండి. ఫ్లైవీల్ పూర్తిగా ఆగేవరకు ఆగండి. ఆ తర్వాతే గార్డ్ తెరవండి." అంకెలు, bar, mm యూనిట్లు ఉన్నది ఉన్నట్టే ఉండాలి.

సేఫ్టీ అధ్యాయంలో మొదటి నాలుగు పేజీలు అక్టోబర్ 14కి నమూనాగా పంపండి. అది ఖాయమయ్యాక మిగతాది మొదలుపెట్టవచ్చు. పూర్తి ఫైల్ నవంబర్ 14కి కావాలి. మధ్యలో దీపావళి పడుతోందని తెలుసు, ఆ రోజులు తీసేసే లెక్క వేశాం. ఆలస్యమయ్యేలా ఉంటే చివరి రోజు కాకుండా ముందే చెప్పండి, లేకపోతే ప్రింటర్‌తో మాకు టెన్షన్.

చూసేది మా సీనియర్ సర్వీస్ ఇంజినీర్, ఊరు విజయవాడ. పని విధానం, పదాల విషయంలో ఆయన మాటే చివరిది. వాక్యం తీరు మీ ఇష్టం, అందులో ఆయన వేలు పెట్టరు. సందేహాలు ఫైల్లోనే కామెంట్లుగా రాస్తే ఆయన సాయంత్రానికల్లా జవాబిస్తారు. సోర్సులోనే తప్పు కనిపిస్తే సరిదిద్దకండి, గుర్తుపెట్టి నాకు పంపండి.

వచ్చే వారం ఒక ప్రెస్ టెస్టింగ్‌లో ఉంటుంది. వీలైతే పొద్దున రండి, డై మార్చడం దగ్గరుండి చూపిస్తారు. చీర కాకుండా, కాళ్లు మూసే బూట్లతో వస్తే లోపలికి పంపుతారు.

ఇట్లు,
టెక్నికల్ పబ్లికేషన్స్ మేనేజర్

జతపరిచినవి: ఇంగ్లీషు మాన్యువల్, పదాల జాబితా, వర్క్ ఆర్డర్